చెవికి రాసే కాపీ

నాయనా,

నీ స్క్రిప్టు చదివాను. కథ బాగుంది. వచ్చే ఆదివారం తొమ్మిది మందిని కూర్చోబెట్టి టేబుల్ రీడింగ్ పెడతానన్నావు, అదీ మంచి పనే. కానీ షూటింగ్ కోసం రాసుకున్న కాగితాలనే జిరాక్స్ తీయించి అందరికీ పంచుతానన్నావు చూడూ, అక్కడే నిన్ను ఆపుతున్నాను. ఆ కాగితాలు కెమెరామన్ కోసం, ఆర్ట్ డైరెక్టర్ కోసం రాసినవి. ఆదివారం బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళకి కెమెరా ఉండదు, చెవులే ఉంటాయి. వాళ్ళకి కోసి, కుదించి వేరే కాపీ చెయ్యి.

మా నాటకాల వాళ్ళకి ఈ కోత కొత్త కాదు. 1909లో వచ్చిన కన్యాశుల్కం రెండో కూర్పును ఉన్నదున్నట్టు ఆడాలంటే గంటల తరబడి పడుతుంది. అందుకే చాలా సమాజాలు తమకు తగ్గట్టు కుదించుకునే ఆడుతూ వచ్చాయి. అయితే అక్కడ కోసింది సంభాషణల్ని. నువ్వు మాత్రం ఒక్క డైలాగు కూడా ముట్టుకోకు. డైలాగు నిలబడుతుందా లేదా చూడటానికే కదా ఈ రీడింగ్! దాన్ని ముందే సవరించేస్తే ఇక పరీక్ష దేనికి? నీ కత్తెర యాక్షన్ లైన్ల మీదే పడాలి.

కోతకి ఒకటే సూత్రం పెట్టుకో. హాల్లో ప్రేక్షకుడికి ఎప్పుడు ఏం తెలుస్తుందో, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకీ అప్పుడే అంతే తెలియాలి. ఎక్కువా తెలియకూడదు, తక్కువా తెలియకూడదు. నీ పద్నాలుగో సీన్ తీసుకుని చూపిస్తాను. నువ్వు రాసింది ఇది:

"సీన్ 14. రాంనగర్ ఇల్లు, ముందు గది. ఇంటీరియర్. రాత్రి. కెమెరా కిటికీలోంచి నెమ్మదిగా లోపలికి వస్తుంది. పెచ్చులూడిన గోడ. గోడ మీద శీను తల్లి ఫొటో, దానికి దండ. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. చారల లుంగీ, బనీనుతో సత్యం వాలుకుర్చీలో ఉన్నాడు. అతని కళ్ళలో ముప్ఫై ఏళ్ళ కష్టం కనిపిస్తోంది. దూరంగా బస్సుల హారన్లు. శీను తలుపు తోసుకుని వస్తాడు. తండ్రిని గమనించడు. బీరువా తెరిచి ఇంటి కాగితాల సంచి తీసి చొక్కా లోపల దాచుకుంటాడు. సత్యం చూస్తాడు. లో యాంగిల్. వయొలిన్."

ఆ తర్వాత సత్యం "అన్నం తిన్నావారా?" అంటాడు, శీను "ఆకలి లేదు" అంటాడు. చదివే కాపీలో ఇది ఇలా ఉంటే చాలు:

"సీన్ 14. రాంనగర్ ఇల్లు. రాత్రి. గోడ మీద శీను తల్లి ఫొటోకి దండ వేసి ఉంది. సత్యం వాలుకుర్చీలో ఉన్నాడు. శీను వచ్చి, తండ్రిని గమనించకుండా, బీరువాలోంచి ఇంటి కాగితాల సంచి తీసి చొక్కాలో దాచుకుంటాడు. సత్యం అది చూస్తాడు."

కెమెరా, లో యాంగిల్, వయొలిన్ పోయాయి. లుంగీ, ఫ్యాను, హారన్లు పోయాయి. అవి షూటింగ్ కాపీలో భద్రంగానే ఉంటాయి. "ముప్ఫై ఏళ్ళ కష్టం" కూడా తీసేశాను. అది చదివి వినిపిస్తే వినేవాడు సత్యం మీద జాలి పడతాడు. ఆ జాలి నీ డైలాగు పుట్టించిందో, ఈ వాక్యం పుట్టించిందో నీకు తెలియదు. దండ మాత్రం అలంకారంలా కనిపించినా ఉంచాను. తల్లి పోయిందన్న సంగతి నీ స్క్రిప్టులో ఇంకెక్కడా ఎవరి నోటా రాదు. ఆ ముక్క తీసేస్తే ఇరవయ్యో సీన్లో "అమ్మ ఉంటే ఇలా జరిగేదా" అన్నప్పుడు ఆమె ఊరెళ్ళిందేమో అనుకుంటారు. ఇక "సత్యం అది చూస్తాడు" అన్న చిన్న వాక్యం లేకపోతే "అన్నం తిన్నావారా" అనేది రోజూ అడిగే ప్రశ్న అయిపోతుంది. అది ఉంటేనే ఆ ప్రశ్నకి బరువు.

కాబట్టి ప్రతి యాక్షన్ లైను దగ్గరా ఆగి, ఇది లేకపోతే తర్వాతి మాట గానీ తర్వాతి సీను గానీ అర్థం మారుతుందా అని అడుగు. మారితే ఉంచు, మారకపోతే కొట్టెయ్యి. డైలాగు అసలే లేని సీన్లని మాత్రం ఎత్తెయ్యకు. వాటిని రెండు మూడు వాక్యాలకి కుదించు. సీన్ నంబర్లు మార్చకు. రెండు సీన్లు కలిసిపోయినట్టు అనిపించినా షూటింగ్ స్క్రిప్టులో ఉన్న నంబర్లే ఉంచు. లేదంటే రీడింగ్‌లో ఎవరో "ముప్ఫయ్యో సీను సాగింది" అంటే అది ఏ ముప్ఫయ్యో వెతుక్కోవాలి.

మన సినిమాలకి ఇంకో చిక్కుంది. నీ దాంట్లో నాలుగు పాటలు, రెండు ఫైట్లు ఉన్నాయి. పాట సాహిత్యం చదివించకు, ఫైటును దెబ్బ దెబ్బకీ వర్ణించకు. "ఇక్కడ పాట. పాట అయ్యేసరికి శీను, లత ఒకే ఇంట్లో ఉంటున్నారు" అని ఒక్క వాక్యం చాలు. పాట మధ్యలో కథ ఎంత నడిచిందో అంతే చెప్పాలి. ఏమీ నడవకపోతే "పాట" అని ఊరుకో. ఇంటర్వెల్ దగ్గర గీత గీసి పెద్దక్షరాలతో "విశ్రాంతి" అని వెయ్యి. అక్కడ నిజంగానే ఆపి టీ ఇప్పించు. సంధ్యలోనో దేవిలోనో విశ్రాంతికి బయటికొచ్చిన జనం ఏం మాట్లాడుకుంటారో, ఆ టీ దగ్గర వీళ్ళూ అదే మాట్లాడతారు. నువ్వు పక్కన నిలబడి విను, జవాబు చెప్పకు.

ఇక పాత్రల పట్టిక. మొదటి పేజీలో పేరు, వయసు, వరస, ఏ సీన్లలో ఉన్నాడు అన్నవి ఉండాలి. "సత్యం, 62, ముషీరాబాద్ డిపోలో రిటైరైన కండక్టరు, శీను తండ్రి" అని రాసి పక్కన సీన్ నంబర్లు వేస్తే సరిపోతుంది. "శీను స్నేహితుడు రఘు, చివర్లో మోసం చేసేది ఇతనే" అని రాశావు. అది చదివాక రఘు మొదటి సీన్ నుంచే దొంగలా వినిపిస్తాడు. పట్టికలో గుట్టు విప్పకు. రఘు చదివేవాడికి నువ్వు విడిగా, చెవిలో చెప్పుకో.

నీ పాత్రలు ఇరవై మూడు, చదివేవాళ్ళు తొమ్మిది మంది. ఒక పెద్ద కాగితం మీద నిలువుగా పాత్రల పేర్లు, అడ్డంగా సీన్ నంబర్లు రాసి, ఎవరెక్కడ ఉంటే అక్కడ చుక్క పెట్టు. శీను, సత్యం, లత ఈ ముగ్గురికీ ఒక్కొక్కరిని కేటాయించి, వాళ్ళకి వేరే పాత్ర ఇవ్వకు. ఒకరిని యాక్షన్ లైన్లు చదవడానికి పక్కన పెట్టు, వాళ్ళకీ పాత్ర వద్దు. మిగిలిన అయిదుగురికి ఇరవై పాత్రలు పంచు. ఒకే సీన్లో ఒకరికి రెండు పాత్రలు రాకూడదన్నది అందరికీ తెలిసిందే. పక్క పక్క సీన్లలోనూ రాకూడదు. టీ కొట్టు మల్లేశం, వడ్డీలకిచ్చే యాదగిరి వరస సీన్లలో ఒకే గొంతుతో మాట్లాడితే, వినేవాళ్ళు ఇద్దరూ ఒకరే అనుకుంటారు. పేర్లూ చూసుకో. రమేష్, రమణ, రమ ముగ్గురూ నీ కథలో ఉన్నారు. తెర మీద మొహాలు వేరు కాబట్టి ఇబ్బంది లేదు. కాగితం మీద మాత్రం చదివేవాడి కన్ను జారి, రమణ మాట రమేష్ చదివేస్తాడు. పోలిక లేని పేర్లు పెట్టు. పేర్ల మార్పు షూటింగ్ కాపీలోనూ అవసరమే.

చదివేవాళ్ళకి ఇచ్చే సూచనలు తక్కువ ఉండాలి. ప్రతి డైలాగు ముందూ (బాధగా), (కోపంగా) అని రాశావు, అవన్నీ తీసెయ్. మాటలోనే బాధ లేకపోతే ఆ సంగతి ఆదివారమే బయటపడనీ. మాటకీ మనసుకీ పొత్తు లేనిచోట మాత్రం ఉంచు. "చాలా మంచి పని చేశావ్" ముందు (వెటకారంగా) అని లేకపోతే పాపం మెచ్చుకుంటూ చదివేస్తారు. (ఫోన్లో), (తలుపు అవతల నుంచి), (మాటకి అడ్డొస్తూ) అనేవి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే కంటికి కనిపించేవి చెవికి చెప్పాలి కదా. ఫ్లాష్‌బ్యాక్ మొదలైనప్పుడే కాదు, అయిపోయినప్పుడూ చెప్పించు. నీ అరవై ఒకటో సీన్లో అది లేదు. విన్నవాళ్ళు కథ చివరిదాకా పదేళ్ళ కిందటే ఉండిపోతారు.

యాస సంగతి మర్చిపోకు. మల్లేశం రాంనగర్‌లో పుట్టి పెరిగినవాడు. నువ్వు "ఏం చేస్తున్నావురా" అని రాసి, నటుడు చూసుకుంటాడులే అనుకున్నావు. చదివేది రాజమండ్రి అబ్బాయైతే వాడు కాగితం మీద ఉన్నదే చదువుతాడు. మాట మార్చకుండానే, "ఏం జేస్తున్నవ్‌రా" అని నోటికి ఎలా రావాలో అలాగే రాయి.

కాగితం విషయం కూడా చెప్పేస్తాను. అక్షరం 14 పాయింట్ల కన్నా చిన్నది వద్దు. ఒకవైపే ప్రింటు తీయించు, రెండు వైపులా ఉంటే తొమ్మిది మంది పేజీలు తిప్పే చప్పుడులో మాట పోతుంది. డైలాగు పేజీ చివర సగం విరగకుండా చూడు. నువ్వు అను ఫాంట్‌లో కొట్టావు కదా, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అశోక్‌నగర్ జిరాక్సు షాపుకి పీడీఎఫ్ చేసి తీసుకెళ్ళు. ముందు ఒక్క కాపీ తీసి ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో చూసి, ఆ తర్వాతే మిగతావి తియ్యమను. చోటు చిన్నదే మేలు. మైకు అవసరమయ్యే హాల్లో రీడింగ్ పెడితే అందరూ నటించడం మొదలుపెడతారు. మీ ఇంటి ముందు గదే చాలు.

చదువుతున్నంతసేపూ ఫోన్లో రికార్డు చెయ్యి, ఒక్కో సీను ఎంతసేపు పట్టిందో రాసుకో. యాక్షన్ లైన్లు చదివేవాడి గొంతే ఎక్కువ వినిపిస్తోందంటే కోత చాలలేదని అర్థం. మధ్యలో ఎవరైనా "వీడెవడు?" అని వెనక పేజీలు తిరగేస్తే కోత ఎక్కువైందనో, పేర్లు కలిశాయనో అర్థం. నవ్వు ఎక్కడొచ్చిందో గమనించు. డైలాగుకి వచ్చిన నవ్వు నీది. యాక్షన్ లైనుకి వచ్చిన నవ్వు ఇంకా తెర మీద పుట్టాల్సి ఉంది, దాన్ని లెక్కలో వేసుకోకు. అలాగే ఫైట్లూ, చూపులతో నడిచే సీన్లూ బల్ల దగ్గర చప్పగా ఉన్నాయని కొట్టెయ్యకు. వాటికి తీర్పు చెప్పే శక్తి ఈ రీడింగ్‌కి లేదు. మాటలు, కథ వరస, పాత్రల గొంతులు, ఈ మూడింటి మీదే దాని మాట విను.

ఆదివారం సాయంత్రానికి ఈ కాపీ పని అయిపోతుంది. దాని మీదే దిద్దుకుంటూ కూర్చుంటే నీ చేతిలో రెండు స్క్రిప్టులు తయారై, ఏది సరైనదో నీకే తెలియకుండా పోతుంది. అందరి కాపీలూ వెనక్కి తీసుకో, సీన్ నంబరు చూసుకుంటూ వాటి మీది గుర్తులన్నీ ఆ రాత్రే షూటింగ్ స్క్రిప్టులోకి ఎక్కించు. దిద్దాల్సింది దాన్నే.