ఎల్బీ నగర్ వైపు

మెట్రో స్టేషన్‌లో ఏ పక్క నిలబడాలో చెప్పే బోర్డుకి మనం ఎక్కడికి వెళ్తున్నామో తెలీదు. లైను చివర ఉన్న స్టేషన్ పేరు ఒకటి చూపించి, దాన్ని బట్టి తేల్చుకోమంటుంది. హైదరాబాద్ ఎర్ర లైను మీద అలాంటి పేర్లు రెండే: మియాపూర్, ఎల్బీ నగర్. వాటి మధ్య 25 స్టేషన్లున్నాయి. వాటిలో దిగేవాళ్ళంతా తమది కాని ఒక గమ్యం పేరు చదివి తమ దారి పట్టుకోవాలి.

రోజూ తిరిగేవాళ్ళకి ఇదొక విషయమే కాదు. మెదడుని అడక్కుండా కాళ్ళే ఆ మెట్లెక్కేస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళని గమనించినప్పుడే నాకు ఈ బోర్డు మీద ఒక అనుమానం మొదలైంది. చెప్పిన మాట నిజమైతే చాలా, అడిగినవాళ్ళకి అది అక్కరకి రావాలా?

కిందటి వేసవిలో అమీర్‌పేట స్టేషన్‌లో, టికెట్ గేట్లు దాటిన చోట, చేతిలో పెద్ద సంచీతో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పక్కనుంచి పోతున్న కుర్రాణ్ణి ఆపి, "బస్టాండుకి ఎటు పోవాలి బాబూ?" అని అడిగింది. ఆవిడ అడుగుతోంది ఎంజీబీఎస్ గురించి. "ఎల్బీ నగర్ సైడ్ వెళ్ళండమ్మా" అన్నాడతను, బోర్డు చూపించి. ఆవిడ కదల్లేదు. "నాకు ఎల్బీ నగర్ ఎందుకు నాయనా, బస్టాండుకి పోవాలంటుంటే!"

కుర్రాడు నవ్వాడు. నాకు మాత్రం ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు. ఆవిడ అడిగింది "బస్టాండుకి" అని. అతను చెప్పింది "ఎల్బీ నగర్ సైడ్" అని. మన భాషలో 'కి' వేరు, 'వైపు' వేరు. 'కి' అంటే అక్కడ ఆగుతాం. 'వైపు' అంటే అటు తిరుగుతాం, ఎక్కడ ఆగుతామన్నది ఇంకా తేలలేదు. బోర్డు మీది పేరుని చివర కనిపించని 'వైపు' ఒకటి కలుపుకుని చదవాలి. ఆ సంగతి ఎవరూ నేర్పరు.

ఇంకొకటి కూడా కావాలి. ఎంజీబీఎస్ అమీర్‌పేటకీ ఎల్బీ నగర్‌కీ మధ్య ఉందని తెలియాలి. మియాపూర్ నుంచి లెక్కపెడితే అమీర్‌పేట 11వ స్టేషన్, ఎంజీబీఎస్ 20వది, ఎల్బీ నగర్ 27వది. మన అంకె కంటే దిగాల్సిన చోటు అంకె పెద్దదైతే 27వైపు నిలబడాలి, చిన్నదైతే 1వైపు. ప్రోగ్రామ్ రాసేవాడికి ఇది ఒక్క పోలిక. కానీ ఆ పోలిక చెయ్యాలంటే స్టేషన్ల వరస ముందే చేతిలో ఉండాలి. అది లేనివాళ్ళకి బోర్డు చెప్పే నిజం తాళం వేసిన గది. ఆ తాళంచెవి ఉన్న ఊరివాళ్ళకి తాళం ఉందన్న సంగతే గుర్తుండదు.

అలాగని బోర్డుని తిట్టడం కూడా న్యాయం కాదు. దాని బదులు ఏం పెట్టగలం? దిక్కులు పెడదామా అంటే, లైన్లు దిక్కులకి కట్టుబడవు. నీలం లైను చూడండి. నాగోల్ దగ్గర బయల్దేరిన బండి సికింద్రాబాద్ దాకా వాయవ్యంగా పోయి, ఆ తర్వాత పడమటికి తిరుగుతుంది. టోక్యోలో యమనోతె లైను గుండ్రంగా తిరుగుతుంది, దానికి చివర అన్నదే లేదు. అక్కడ 'లోపలి చుట్టు', 'బయటి చుట్టు' అని పేర్లు పెట్టి, ముందు రాబోయే ఒకటి రెండు పెద్ద స్టేషన్ల పేర్లు కూడా చూపిస్తారు. మన లైన్లకి చివరలున్నాయి కాబట్టి ఒక్క పేరుతో పని జరిగిపోతుంది. ఏ స్టేషన్‌లో నిలబడినా ఆ పేరు మారదు, అదే దాని బలం.

అయితే ఆ పేరు శాశ్వతం కూడా కాదు. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు బేగంపేట నుంచి పడమటికి పోయే బండికి చివరి స్టేషన్ అమీర్‌పేట. 2019 మార్చిలో అది హైటెక్ సిటీ అయింది. అదే ఏడాది నవంబరులో రాయదుర్గం అయింది. బేగంపేట ప్లాట్‌ఫామ్ అంగుళం జరగలేదు, బండి పోయే దిక్కూ మారలేదు. పని ఎంతవరకు పూర్తయిందో అంతవరకే పేరు. రేపు పటాన్‌చెరు దాకా లైను వేస్తే మియాపూర్ కూడా మధ్యలో ఒక స్టేషన్ అయిపోతుంది. మనం గమ్యం అనుకుని చదివేది, ప్రస్తుతానికి పట్టాలు ఆగిన చోటు.

ఈ పేరు దిక్కుకి గుర్తు మాత్రమేనా అంటే, ఢిల్లీలో ఒకచోట అది కాస్తా నిజంగానే గమ్యమైపోతుంది. అక్కడి బ్లూ లైను యమునా బ్యాంక్ దగ్గర రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ నోయిడా ఎలక్ట్రానిక్ సిటీకి, ఇంకొకటి వైశాలికి. రాజీవ్ చౌక్‌లో రెండు బండ్లూ ఒకే ప్లాట్‌ఫామ్ మీదికి వస్తాయి. యమునా బ్యాంక్ లోపల దిగేవాళ్ళు ఏదెక్కినా ఒకటే. లక్ష్మీనగర్ వెళ్ళాల్సినవాళ్ళు మాత్రం వైశాలి బండే ఎక్కాలి. సరైన పక్క నిలబడినంత మాత్రాన సరిపోదు, వచ్చే ప్రతి బండి నుదుటి మీదా పేరు చదవాలి. ఒకే బోర్డు కింద, ఒకరికి అక్కర్లేని పేరు పక్కవాళ్ళకి ప్రాణం.

మళ్ళీ నా ప్రశ్న దగ్గరికి వస్తాను. కుర్రాడు చెప్పింది నిజం. బోర్డు చెప్పేదీ నిజమే. రెండూ లైను తరఫున మాట్లాడాయి, ఆవిడ తరఫున కాదు. బోర్డుకి వేరే దారి లేదు, ఎవరు చదువుతారో దానికి తెలీదు కాబట్టి అందరికీ ఒకే మాట చెప్పాలి. ఎదురుగా మనిషి నిలబడి అడిగినప్పుడు మనకి ఆ సాకు లేదు. ఆవిడకి ఏం తెలుసో, ఏం తెలియదో ఆ ఒక్క ప్రశ్నలోనే వినిపిస్తోంది. ఆమెకి మనం బాకీపడ్డది బోర్డు మీది పేరు కాదు, ఆ పేరుకీ బస్టాండుకీ మధ్య తెగిపోయిన ముక్క.

ఆ ముక్కకి మన దగ్గర ఎప్పట్నుంచో ఒక మాట ఉంది: మీదుగా. ఆర్టీసీ బస్సు బోర్డు మీద ఊరి పేరు కింద 'వయా' అని చిన్నక్షరాల్లో రాసేది దీన్నే. "ఎల్బీ నగర్ బండి బస్టాండు మీదుగానే పోతుందమ్మా" అంటే చాలు, ఆవిడ అడిగిన 'కి', బోర్డు చూపించిన 'వైపు' రెండూ కలుస్తాయి. నేను చెప్పింది ఆ మాటే. ఇంకొకటి కూడా కలిపాను: "ఎక్కాక మొదట పంజగుట్ట అని వినిపిస్తే సరైన బండి. ఎస్సార్ నగర్ అంటే దిగిపోండి." మొదటి మాట ఆవిడకి వరస ఇచ్చింది. రెండోది నా మాట నిజమో కాదో తనే తేల్చుకునే వీలు ఇచ్చింది. ఇంకో మనిషిని అడగాల్సిన అవసరం లేకుండా.

"ముందే అట్లా చెప్పొచ్చు కదా" అంటూ ఆవిడ మెట్లవైపు నడిచింది. దారి చెప్పేవాళ్ళందరి మీదా వెయ్యదగ్గ ఫిర్యాదే అది.