ఆ మాట ఎవరిది?

మా ధ్యాన బృందంలో వారానికొకరు ప్రశాంతత గురించి నాలుగైదు మాటలు ఏరి తెచ్చి చదువుతారు. దేవుడి ప్రస్తావన ఉండదు. వాటిలో తరచుగా వచ్చేది విక్టర్ ఫ్రాంకెల్ పేరు మీదున్న మాట. మనకు ఎదురైనదానికీ మనం స్పందించడానికీ నడుమ కాస్త చోటుంటుందనీ, మన స్వేచ్ఛ అక్కడే ఉందనీ దాని సారం.

ఫ్రాంకెల్ వియన్నా మానసిక వైద్యుడు. 1944లో నాజీలు ఆయన్ని ఆష్విట్జ్‌కు తరలించారు, బతికి బయటపడ్డాడు. కానీ ఈ మాట ఆయన రచనల్లో లేదు. వియన్నాలో ఆయన పేరుతో ఉన్న సంస్థే ఆ సంగతి చెబుతోంది. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన స్టీఫెన్ కవీ, గ్రంథాలయంలో ఓ పుస్తకం తిరగేస్తుంటే కనబడిందనీ, రచయిత పేరు గుర్తులేదనీ రాశాడు.

మాట మంచిదైతే చాలదా, ఎవరిదైతేనేం అంటారు. నిజమే. కోపం వచ్చినప్పుడు ఒక్క శ్వాసపాటు ఆగి చూస్తే అందులో నిజమెంతో మనకే తెలుస్తుంది. దానికి సాక్షి అక్కర్లేదు.

మరి ఆ పేరెందుకు? అది తగిలించగానే "అంత నరకంలో ఆయనకే వీలైతే నీకేం?" అనే దెప్పు కూడా వెంట వస్తుంది. ఉద్యోగం పోయి వచ్చి కూర్చున్న మనిషికి అది ఓదార్పు కాదు, బరువు. పైగా ఆయన పడ్డ బాధను, ఆయన అనని మాటకు పూచీగా వాడుకుంటున్నాం.

నా వంతు వస్తే, రాసిందెవరో తెలియదని చెప్పే చదువుతాను.