జానపదమన్న పేరు – మరుగునపడిన కర్త

1869లో బ్రామ్స్ ప్రచురించిన హంగేరియన్ నృత్యాలలో అయిదవదానికి మూలం జానపద బాణీ కాదు. బేలా కేలెర్ రచించిన చార్దాష్ నృత్యసంగీతం. బ్రామ్స్ దానిని జానపదమనే నమ్మాడు. స్వీయకృతిగా చెప్పుకోలేదు, ఓపస్ సంఖ్య ఇవ్వక, అనుసరణగానే అచ్చువేయించాడు. కనుక చౌర్యారోపణ నిలవదు. అయినా కేలెర్‌కు అన్యాయం జరిగింది.

ఈ దోషాన్ని బ్రామ్స్ కంటే ఆనాటి జాతీయవాద భావనకే ఆపాదించాలని నా వాదం. జాతి ఆత్మ పలికే పాటకు వ్యక్తి కర్తగా ఉండడన్నది ఆ భావనకు పునాది. అందువల్ల రోమా వాద్యబృందాలు వాయించే బాణీని విన్నవారికి, దీనిని కట్టినదెవరన్న ప్రశ్నే తోచలేదు. బ్రామ్స్ నిజాయితీ సైతం ఇక్కడ సగమే పనిచేసింది: తనది కాదన్నాడు, ఎవరిదో వెదకలేదు. అంతకు పదేళ్ల ముందు, 1859లో, ఈ సంగీతం రోమాలదని లిస్ట్ గ్రంథం వెలువరించినప్పుడు హంగేరీలో చెలరేగిన వివాదం సైతం ప్రధానంగా అది ఏ జాతి సొత్తన్నదే.