పాత వీధిలో కొత్త మనిషి: కాలవిరోధం, ఔచిత్యం, సాక్ష్యం

పాత నలుపు తెలుపు వీధి ఛాయాచిత్రంలో నేటి మనిషిని నిలబెట్టడం ఇప్పుడు సులభసాధ్యమైన పని. ఆ మనిషికి నాటి దుస్తులు తొడిగి, వెలుగు వచ్చే దిక్కును సరిచూసి, అంచులను మెత్తబరచి, చివరగా చిత్రమంతటా గరుకు రేణువులను చల్లితే అతుకు మాయమవుతుంది. దీనిని వినోదమని వదలివేయవచ్చు, మోసమని కొట్టివేయనూవచ్చు. ఈ రెండు తీర్పులకు ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ వీధిలో నిజంగా నడిచినవారికి ఈ చేర్పు వల్ల ఏమవుతుంది?

భామహుడు, దండి ఇద్దరూ దేశకాలవిరోధాన్ని కావ్యదోషాలలో లెక్కించారు. కాలానికి పొసగని వస్తువు వర్ణనలో చేరితే సహృదయుని ప్రతీతి చెదురుతుంది. కవి దానిని పరిహరించాలి. ఛాయాచిత్రపు చేర్పులో కూడా శ్రమ అంతా ఈ పరిహారానికే. అయితే ఇక్కడ నీతి తలక్రిందులవుతుంది. కావ్యంలో విరోధాన్ని తొలగించిన కవి ఎవరినీ వంచించడు, ఎందుకంటే కావ్యం ‘ఇది జరిగింది’ అని సాక్ష్యం పలకదు. ఛాయాచిత్రం పలుకుతుంది. కనుక ఇక్కడ ఔచిత్యం ఎంత పరిపూర్ణమైతే అసత్యం అంత బలపడుతుంది.

ఆ సాక్ష్యం ఎలాంటిదో తర్కపరిభాషలో చెప్పడం తేలిక. పొగను చూసి నిప్పును ఊహించడానికి ఆధారం వాటి మధ్య ఉన్న కార్యకారణసంబంధం. పలకపై పడిన మరకకూ ఎదుట నిలిచిన మనిషికీ మధ్య ఉన్నదీ అదే. రోలాఁ బార్త్ ‘కెమెరా లూసిడా’లో (1980) ఛాయాచిత్రపు సారాన్ని ‘అది అక్కడ ఉండినది’ అన్న నిశ్చయంలో చూడడానికి మూలం ఈ సంబంధమే. అతికించిన మనిషి ఆవిరి వంటివాడు. దూరం నుండి చూసినవాడు దానిని పొగ అనుకుని కొండమీద నిప్పు ఉందంటాడు.

ఒక ఉదాహరణను వివరంగా పరిశీలించవచ్చు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ 1880లలో హైదరాబాదు కట్టడాలను, వీధులను చిత్రించాడు. అటువంటి ఒక చార్మినార్ వీధి చిత్రంలో నేటి యువకుడిని, యువతిని చేర్చారనుకుందాం. మొదటి పొరపాటు రేణువుల దగ్గరే జరుగుతుంది. నాటి నెగెటివు పెద్ద గాజుపలక. దానిని గుడ్డు తెల్లసొన పూసిన కాగితానికి నేరుగా ఆనించి అచ్చుతీసేవారు. పెంచడం లేదు గనుక రేణువు కంటికి కనిపించదు. కనిపించేది గోధుమరంగు ఛాయ, నునుపైన సూక్ష్మవివరం. పాతదనానికి గుర్తుగా నేటి చూపరి భావించే గరుకుదనం చాలావరకు 35 మిల్లీమీటర్ల ఫిల్ముది. 36 మిల్లీమీటర్ల వెడల్పున్న చట్రాన్ని పది అంగుళాలకు పెంచితే ప్రతి రేణువూ ఏడు రెట్లు పెరుగుతుంది. 1954లో ఆ పరిమాణంలో వచ్చిన కొడాక్ ట్రై-ఎక్స్ వంటి వేగవంతమైన ఫిల్ములు పత్రికలలో ఆ రూపాన్ని స్థిరపరచాయి. కాబట్టి 1880ల వీధిపై చల్లిన రేణువు ఆ వీధికి చెందినది కాదు. చూపరి జ్ఞాపకంలోని ‘పాత’కు చెందినది. సాక్ష్యాన్ని పోలడం కాక, సాక్షి ఎలా ఉంటాడని మనం అనుకుంటామో దానిని పోలడమే ఇందులోని కౌశలం.

రెండవ పొరపాటు రంగులది. నాటి సాధారణ పలక నీలికాంతికి మాత్రమే చక్కగా స్పందించేది. ఎరుపు దానికి దాదాపు చీకటే, పసుపు కూడా ముదురుగానే పడేది. యువతి రంగుచిత్రాన్ని నేడు మామూలుగా నలుపు తెలుపులోకి మారిస్తే పసుపుచీర తెల్లగా, కుంకుమబొట్టు నడిమి బూడిదరంగుగా వస్తాయి. నాటి పలకపైనైతే ఆ చీర నల్లబడేది, బొట్టు కాటుకచుక్కలా కనిపించేది, లేతనీలం వస్త్రం తెల్లబారేది. రేణువుల మాయలో పడని పరిశోధకుడు ఇక్కడ పట్టుకోగలడు. అయితే ఈ పరీక్షకు ఆయుష్షు ఎంతన్నది సందేహమే. పలక స్వభావం తెలిసినవాడు దానినీ అనుకరించగలడు.

దుస్తుల విషయం మరింత చిక్కైనది. వీధిలో వస్త్రం సామాజికస్థానాన్ని చెప్పేది. యువకుడికి దస్తారూ షేర్వానీ తొడిగితే అతడు సంపన్నుడో ఉద్యోగో అవుతాడు. అంతటివాడు పరివారం లేకుండా బజారు నడుమ కాలినడకన ఎందుకున్నాడన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. మోకాళ్లపై పంచె కట్టి తలపై బరువు పెట్టడానికి సాధారణంగా ఎవరూ ఇష్టపడరు. గతంలోకి వెళ్లాలన్న కోరికలో కూలివాడిగా వెళ్లాలన్న కోరిక అరుదు. యువతిని ఏ దుస్తులలో నిలిపినా సమస్య తీరదు. ఏ కులపు, ఏ ఇంటి స్త్రీ ఆ వీధిలో ఒంటరిగా, ముఖం కనబడేలా, కెమెరా వైపు నిబ్బరంగా చూస్తూ నిలబడగలిగేది? చేర్పు ఈ ప్రశ్నకు జవాబివ్వదు. ప్రశ్న పుట్టకుండా చేస్తుంది.

దీనిపై బలమైన ఆక్షేపణ ఉంది. పాత చిత్రాలు ఎవరిని చూడ నిరాకరించాయో వారి సంతతి నేడు ఆ చట్రంలోకి ప్రవేశించడం న్యాయమైన ధిక్కారమే కదా? ఒక దళిత యువతి తన అవ్వకు దక్కని వీధిలో తానే నిలబడితే తప్పేమిటి? తప్పు నిలబడడంలో లేదు, అతుకును దాచడంలో ఉంది. అతుకు కనిపిస్తే చూపరి ఆమెను, ఆమె ముందుతరాల లేమిని ఒకేసారి చూస్తాడు. కనిపించకపోతే ఆ వీధి అందరిదీ అయి ఉండినదనే చరిత్ర తయారవుతుంది. వెలివేసినవారికి అంతకంటే మేలు చేసే చిత్రం మరొకటి ఉండదు. విరోధం కవికౌశలంతో ఒక్కోసారి దోషగణన నుండి తప్పుకుని గుణమవుతుందని దండి అంగీకరించాడు. ఆ అవకాశం ఇక్కడ వర్తిస్తుంది, విరోధం విరోధంగా కనబడినంతవరకు.

మన స్టూడియోలలో పాతకాలం నుండి ఉన్న గీసిన తెరలు, చనిపోయినవారిని కుటుంబచిత్రంలో చేర్చే అలవాటు ఇందుకు భిన్నమైనవి. తెర తెరగానే కనబడేది. చేర్చిన తాతగారు ఎప్పుడు పోయారో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ ఎరుక చిత్రంతోపాటే గోడపై వేలాడేది. ఈనాటి చిత్రానికి అటువంటి ఇల్లు లేదు. క్రింద రాసిన వివరణ మొదటి చేతి మార్పిడిలోనే ఊడిపోతుంది. ఆపై అది గ్రంథానికి ముఖచిత్రంగానో, సిద్ధాంతవ్యాసంలో నాటి వేషధారణకు ఆధారంగానో చేరడానికి అడ్డేమీ లేదు.

అప్పుడు నష్టపోయేది ఎవరన్నది అసలు విషయం. ఇటువంటి చిత్రాలు పెరిగేకొద్దీ పాత ఛాయాచిత్రం మొత్తంగా సందేహాస్పదమవుతుంది. నిజాముకు దానివల్ల లోటు రాదు; ఆయన ఉనికికి ఫర్మానాలు, నాణేలు, కట్టడాలు ఉన్నాయి. చార్మినార్ నీడలో కావడి మోస్తూ ఒక అడుగు ముందుకు వేసి పలకపై కొంచెం చెదిరిన మనిషికి అవి లేవు. పేరు లేదు, కాగితం లేదు. అతడు ఉన్నాడనడానికి ఆ చెదిరిన మరక ఒక్కటే ఆధారం కావచ్చు. కొత్త మనిషి స్పష్టంగా నిలబడగానే చూపరి కన్ను అతడిపైకే పోతుంది, కావడివాడు నేపథ్యమవుతాడు. కొన్నిసార్లు చేర్పు అతడిపైనే జరుగుతుంది, చోటు కోసం అతడిని తుడిచివేస్తారు.

శ్రద్ధగా చూస్తే అతికిన చిత్రంలో మరో లోపం ఉంది. దానిని సాంకేతికంగా సరిదిద్దడం కష్టం. నాటి వీధిచిత్రాలలో జనం తరచుగా కెమెరా వైపే చూస్తూ ఉంటారు, లేదా ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ ఉంటారు. కొత్తగా వచ్చి చేరినవాడిని ఆ వీధిలో ఎవరూ చూడరు. అతడి కోసం ఎవరూ పక్కకు జరగలేదు.