అంగడి చిరునామా, ఇంటి చిరునామా: పాదసూచికలో వెబ్ లంకెల నైతికత

బషీర్‌బాగ్‌లోని నిజాం కళాశాల నుంచి ఆబిడ్స్‌కు నడిచి వెళ్లవచ్చు. ఆదివారం నాడు అక్కడి కాలిబాటల మీద పాత పుస్తకాలు పరచి అమ్ముతారు. అక్కడ కొన్న విమర్శ గ్రంథాన్ని ఉదాహరించే పరిశోధకుడు రచయిత పేరు, గ్రంథనామం, ప్రచురణకర్త, సంవత్సరం, పుట సంఖ్య ఇస్తాడు. ఏ కాలిబాట మీద కొన్నాడో రాయడు. అదే గ్రంథాన్ని అంతర్జాలంలో చదివితే మాత్రం అది దొరికిన చిరునామాను పాదసూచికలో చేర్చి, ఒక్కొక్కసారి దానితోనే సరిపెడతాడు. పాఠకుడికి పరిశోధకుడు బాకీపడినది ఏమిటన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

పాదసూచిక రెండు పనులు చేస్తుంది. పరిశోధకుడు దేనిని చూసి ఆ మాట అన్నాడో చెప్పే సాక్ష్యం అది. పాఠకుడు స్వయంగా వెళ్లి సరిచూసుకొనే దారి కూడా. లంకె తెగినప్పుడు దారి మూసుకుపోతుంది గాని సాక్ష్యం అబద్ధం కాదు. ఈ రెండింటినీ వేరుగా చూడకపోవడం వల్లనే లంకెల విషయంలో గందరగోళం ఏర్పడుతున్నది.

డీఓఐ ఉన్న వ్యాసానికి నిర్ణయం సులభం. డీఓఐ వ్యాసానికి ఇచ్చిన స్థిరమైన గుర్తింపు. వ్యాసం నేడు ఏ సర్వర్‌లో ఉన్నదో దానికి సంబంధం లేదు. `https://doi.org/` తరువాత దానిని చేర్చితే, ప్రచురణకర్త నమోదు చేసిన ప్రస్తుత చిరునామాకు పాఠకుడు చేరుతాడు. కనుక డీఓఐ ఉన్నచోట వెబ్ చిరునామా అక్కరలేదు. అయితే పత్రిక తన స్థలం మార్చుకొని కూడా ఆ సంగతి నమోదు చేయకపోతే డీఓఐ కూడా ఎక్కడికీ చేర్చదు. అందుకని డీఓఐ ఇచ్చినా శీర్షిక, సంపుటం, సంచిక, పుటలు వదలకూడదు.

తెలుగు పరిశోధకుడు వాడే ఆధారాలలో చాలావాటికి డీఓఐ లేదు. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ చిరునామా రచన ప్రచురితమైన ఇల్లా, ప్రతి దొరికిన అంగడా? 1998లో అమెరికాలోని తెలుగువారు ప్రారంభించిన ‘ఈమాట’ అంతర్జాలంలోనే వెలువడే పత్రిక. అందులోని వ్యాసానికి ఆ వెబ్ చిరునామాయే ప్రచురణ స్థానం. దానిని వదిలేస్తే ముద్రిత గ్రంథానికి ప్రచురణకర్త పేరు వదిలేసినట్లే. సంచిక నెల, సంవత్సరం, చూసిన తేదీ కూడా దాని పక్కన ఉండాలి.

అంగడి మూతపడినప్పుడు ఏమవుతుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చూపింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఆ పథకంలో ఒక ప్రధాన కేంద్రం. `dli.iiit.ac.in` చిరునామాతో, చివర బార్‌కోడ్ సంఖ్యతో ఉన్న లంకెలు ఆనాటి పాదసూచికలలో కనిపిస్తాయి. కాపీరైటు అభ్యంతరాల నేపథ్యంలో 2017లో ఆ గ్రంథాలయం అందుబాటులో లేకుండా పోయింది. దానిలోని గ్రంథాల ప్రతులు ఎన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో `in.ernet.dli` అని మొదలయ్యే గుర్తింపులతో దొరుకుతున్నాయి.

అటువంటి పాత లంకె ఎదురైన పరిశోధకుడు మొదట గ్రంథనామంతో, రచయిత పేరుతో వెతకాలి. అక్కడి శీర్షికలు చాలావరకు రోమన్ లిపిలో, ఒక్కొక్కసారి తప్పుడు వర్ణక్రమంతో ఉంటాయి కనుక పేరును రెండు మూడు విధాలుగా రాసి చూడాలి. బార్‌కోడ్ సంఖ్య వివరాల పట్టికలో ఉంటే అది నమ్మదగిన ఆనవాలు. ప్రతి దొరికాక ముఖపత్రంలో ముద్రణ సంవత్సరాన్ని చూసి, ఉదాహరించిన పుట తెరచి ఆ వాక్యం అక్కడ ఉన్నదో లేదో సరిచూడాలి. పునర్ముద్రణ అయితే పుటలు మారతాయి. అప్పుడు తాను చూసిన ముద్రణనే పేర్కొనాలి. కేవలం లంకె ఇచ్చి వదిలేసిన పాదసూచికకు ఈ అన్వేషణ మొదలే కాదు.

పాత లంకె స్థానంలో కొత్తదాన్ని నిశ్శబ్దంగా పెట్టడం మరొక దోషం. మరొకరి పాదసూచికను ఉటంకించేటప్పుడు పాతదానిని యథాతథంగా ఉంచి, కొత్త ప్రతిని చూసిన తేదీతో చేర్చడం న్యాయం. లేకపోతే మొదటి పరిశోధకుడు చూడని ప్రతిని చూసినట్లు చెప్పినవారమవుతాము.

ఇల్లే కూలిపోతే? వ్యాసం ఉన్న వెబ్ పత్రిక పూర్తిగా అదృశ్యమైతే `web.archive.org`లో పాత చిరునామా ఇచ్చి, భద్రపరచిన ప్రతి ఉన్నదేమో చూడాలి. ఉంటే ఆ ప్రతి తేదీని రాయాలి. అదీ లేనప్పుడు తెరుచుకోని లంకెను తొలగించడం మేలని కొన్ని శైలి నియమావళులు సూచిస్తాయి. లంకెను తొలగించవచ్చు, ఆధారాన్ని తొలగించరాదు. ఆలోచనను ఉంచుకొని, దానిని ఇచ్చినవారి పేరు తీసివేస్తే అది చౌర్యమే. రచయిత, శీర్షిక, పత్రిక, చూసిన తేదీ ఉంచి, ప్రస్తుతం లభించడం లేదని రాయాలి. తన వాదం ఆ ఒక్క ఆధారం మీదనే నిలిచి ఉంటే, ఇప్పుడది తన మాట మీదనే నిలిచి ఉన్నదని పరిశోధకుడు ఒప్పుకోవాలి. ఆ వ్యాసాన్ని చదివిన రోజుననే ఒక ప్రతిని భద్రపరచి ఉంటే ఆ ఒప్పుకోలు అవసరం ఉండేది కాదు.