టీ బడ్డీ దగ్గర సమ్మా వాచా



మద్దిలపాలెం జంక్షన్‌లో సాయంత్రం పూట టీ బడ్డీ దగ్గర నలుగురు చేరతారు. స్టీల్ ప్లాంటు డ్యూటీ దిగినవాళ్ళు, యూనివర్సిటీలో పనిచేసేవాళ్ళు, ఆటో పక్కన పెట్టి వచ్చినవాళ్ళు. మీరూ వెళ్తారు. పదేళ్ళుగా మీతో ఒకే సెక్షన్‌లో పనిచేసే మిత్రుడొకడు గ్లాసు చేతికిస్తూ ఇలా అంటాడు:

"మీ ఇంట్లో బుద్ధుడి ఫొటో చూశాను గురూ. మంచిదే. ఆయన కూడా మన విష్ణుమూర్తి తొమ్మిదో అవతారమే కదా! ఎటు తిరిగినా మనమంతా ఒకటే."

మీ చెవులు వేడెక్కుతాయి. ఈ మాట మనలో ఎవరు వినలేదు? దీనికి మనం సాధారణంగా రెండు రకాలుగా జవాబిస్తాం. ఒకటి, "మీ పురాణాలన్నీ కట్టుకథలు" అని అక్కడే కడిగేస్తాం. రెండోది, లోపల మండిపోతున్నా నవ్వేసి, ఇంటికొచ్చి ఇంట్లోవాళ్ళ మీద చిరాకు పడతాం. మొదటి దారిలో స్నేహితుడు పోతాడు. రెండోదానిలో మన మాట పోతుంది. ఇవి రెండూ కాని మూడో దారి ఉందా? ఉంది. భగవానుడు చూపించాడు.

మజ్ఝిమ నికాయంలో అభయ రాజకుమార సుత్తం అని ఒకటుంది. నిగంఠ నాతపుత్తుడు అభయుడనే రాజకుమారుణ్ణి ఒక చిక్కు ప్రశ్నతో బుద్ధుడి దగ్గరకు పంపాడు. ఇతరులకు నచ్చని మాట మీరు మాట్లాడతారా అని అడగాలి. మాట్లాడతానంటే, మామూలు మనుషులకూ మీకూ తేడా ఏమిటి అనాలి. మాట్లాడనంటే, దేవదత్తుడికి కోపం తెప్పించిన మాట ఎందుకన్నారు అనాలి. ఎటు చెప్పినా ఇరుక్కోవాల్సిందే. బుద్ధుడు ఔననలేదు, కాదనలేదు. దీనికి ఒకే జవాబు లేదన్నాడు. అప్పుడు అభయుడి ఒళ్ళో పసిబిడ్డ ఉన్నాడు. ఈ బిడ్డ పుల్లో, రాయో నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావని అడిగాడు. ఎడమ చేత్తో తల పట్టుకుని, కుడి చేతి వేలు వంచి తీసేస్తాను, నెత్తురొచ్చినా సరే, బిడ్డ మీద జాలితో తీస్తాను అన్నాడు రాజకుమారుడు.

అక్కడ బుద్ధుడు మాటను మూడు ప్రశ్నలతో తూచాడు. అది నిజమా? మేలు చేసేదా? ఎదుటివాడికి నచ్చేదా? నిజం కానిది, మేలు చేయనిది ఎంత తియ్యగా ఉన్నా ఆయన మాట్లాడడు. నిజమే అయినా మేలు లేకపోతే మాట్లాడడు. నిజమూ, మేలూ ఉండి నచ్చని మాట అయితే? దానికి తగిన సమయం చూసి మాట్లాడతాడు. గమనించండి, నచ్చని మాటను ఆయన నిషేధించలేదు. సమయం చూడమన్నాడు. ఆ సంగతి మనం చాలాసార్లు మర్చిపోతాం.

ఇప్పుడు టీ బడ్డీ దగ్గరకు తిరిగి వద్దాం. బుద్ధుడు విష్ణువు అవతారం కాదన్నది మనకు నిజం. ఆ మిత్రుడికి తెలియడం మేలే. అతనికి నచ్చకపోవచ్చు. కనుక మిగిలింది రెండే: ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి.

ముందు అతని మాట పూర్తిగా విననివ్వండి. చంకీ సుత్తంలో కాపటికుడనే పదహారేళ్ళ బ్రాహ్మణ కుర్రవాడు, పెద్దలు బుద్ధుడితో మాట్లాడుతుంటే మధ్యమధ్య అడ్డు తగులుతాడు. వాళ్ళ మాట అయ్యేదాకా ఆగమని బుద్ధుడు అతనికి చెప్పాడు. తర్వాత ఆ కుర్రవాడికే తీరిగ్గా జవాబిచ్చాడు. సగం మాటకే మనం విరుచుకుపడితే, రెండో సగంలో ఏముందో మనకు తెలియదు. ఆ మిత్రుడి రెండో సగం ఏమిటి? "మనమంతా ఒకటే." అంటే అతను మిమ్మల్ని చిన్నబుచ్చడానికి వచ్చినవాడు కాదు. దూరం కాలేదని చెప్పడానికి తనకు తెలిసిన మాటతో వచ్చాడు. అందుకని మొదట దానికి జవాబివ్వండి: "నన్ను పరాయివాణ్ణి అనుకోలేదు, అది నాకు సంతోషం గురూ."

ఇక అసలు మాట. ఇక్కడే చంకీ సుత్తంలో కాపటికుడికి బుద్ధుడిచ్చిన జవాబు పనికొస్తుంది. ఒక మనిషికి ఒక నమ్మకం ఉంటే, "ఇది నా నమ్మకం" అని చెప్పడం వరకు అతను సత్యాన్ని కాపాడినట్టే. "ఇదొక్కటే నిజం, మిగతాదంతా అబద్ధం" అని ముగింపుకు దూకితే కాపాడనట్టు. మన నోట ఇది ఇలా వస్తుంది: "అయితే మేం అలా అనుకోం. నాగపూర్‌లో 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ దీక్ష తీసుకుని 22 ప్రతిజ్ఞలు చేయించారు. అందులో అయిదోది ఇదే, బుద్ధుణ్ణి విష్ణువు అవతారమని నమ్మను అని. మాకు ఆయన మనిషి. మనిషిగా పుట్టి, సొంతంగా దారి కనుక్కున్నవాడు." అయిదు వాక్యాలు చాలు. ఆరో వాక్యం నుంచి అది ఉపన్యాసం.

ఇక్కడ కొందరు అడుగుతారు, ఆ ప్రతిజ్ఞలో కటువైన మాటే ఉంది కదా, మరి మనం మెత్తగా ఎందుకు మాట్లాడాలి అని. న్యాయమైన ప్రశ్న. ఆ కటువు ఒక ప్రచారం మీద. పక్కన నిలబడి టీ తాగుతున్న మనిషి మీద కాదు. పైగా ప్రతిజ్ఞ "నేను" అని మొదలవుతుంది. అది మనల్ని మనం కట్టుకున్న మాట. దాన్ని "నువ్వు" అని తిప్పి ఎదుటివాడి మీదకు విసిరితే అది ప్రతిజ్ఞ కాదు, పోట్లాట.

అయితే అన్ని భేదాభిప్రాయాలూ నమ్మకానికి సంబంధించినవి కావు. అదే మిత్రుడు మర్నాడు, "బౌద్ధంలోకి వెళ్తే ఎస్సీ రిజర్వేషన్ పోతుందట కదా, ఎందుకొచ్చిన గొడవ గురూ?" అంటాడనుకోండి. ఇక్కడ "ఇది మా నమ్మకం" అనడం తప్పు. ఇది చూసి తేల్చుకోగల విషయం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మొదట దాదాపు హిందువులే ఉన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. కాబట్టి బౌద్ధం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదు. కానీ నిజం మన వైపు ఉందని "నీకేం తెలుసు?" అని మొదలుపెట్టకండి. ఆ మాట విన్న మనిషి 1990 గురించి వినడు, తన పరువు గురించే ఆలోచిస్తాడు. "నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నాను" అంటూ, అది నిజమైతేనే, మొదలుపెట్టండి. నిజం కాకపోతే అనకండి, ముసావాదం అవుతుంది. "1990లో మార్చారు గురూ, కావాలంటే ఇద్దరం కలిసి చూద్దాం" అన్నా చాలు. ఇద్దరూ ఒకే కాగితం మీద వంగి చూస్తే, ఎదురెదురుగా నిలబడాల్సిన పని ఉండదు.

సమయం సంగతి కూడా చెప్పుకోవాలి. పక్కింట్లో చావు జరిగింది. పలకరించడానికి వెళ్ళారు. ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ, "అంతా తలరాత నాయనా, పోయిన జన్మ కర్మ" అంటుంది. పోయిన జన్మ కర్మ అనే మాటతోనే మన తాతల్ని ఊరి చివర నిలబెట్టారు. అది వింటే మనకు మంట రావడం సహజం. అయినా ఆ రోజు అక్కడ ఆ చర్చ ఎవరికి మేలు? నిజమే, కానీ సమయం కాదు. "ధైర్యంగా ఉండండి పిన్నీ, మేమున్నాం" అని మంచినీళ్ళు ఇవ్వండి. ఆ మాటలో అబద్ధం లేదు, ఒప్పుకోలూ లేదు. నెల పోయాక అదే పెద్దావిడ, "మా మనవడికి చదువు అబ్బలేదు, తలరాత" అంటే, అది సమయం. అక్కడ మీ మాటతో ఒక కుర్రవాడి చదువు నిలబడుతుంది.

మాట వాదంగా మారుతోందని ఎలా తెలుస్తుంది? మూడు గుర్తులు చూసుకోండి. "నువ్వు" పోయి "మీవాళ్ళు" వస్తుంది. చెప్తున్నది మిత్రుడికి కాదు, చుట్టూ నిలబడ్డవాళ్ళకు అవుతుంది. అతను ఇప్పుడన్న మాట వదిలి, ఎప్పుడో అన్నది బయటికి తీస్తాం. వీటిలో ఒక్కటి మీలో కనిపించినా అక్కడితో ఆపండి. "ఇందులో నాదీ నీదీ వేరు గురూ. ఉండనీ. టీ చల్లారిపోతోంది" అనండి. చివరి మాట అతనిదైనా పరవాలేదు. చివరి మాట కోసం ఆగినవాడే పోట్లాటలో చిక్కుకుంటాడు.

ఒక్క హద్దు మాత్రం మరచిపోవద్దు. ఇదంతా భేదాభిప్రాయం గురించి. ఎవరైనా కులం పేరు పెట్టి నలుగురిలో అవమానిస్తే అది అభిప్రాయం కాదు. దానికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, పోలీస్ స్టేషన్ ఉంది. అక్కడ నవ్వి ఊరుకోవడం సమ్మా వాచా కాదు. అప్పుడు కూడా బూతుకు బూతు బదులివ్వకండి. ఏ మాట అన్నాడో, ఎక్కడ, ఎప్పుడు, విన్నవాళ్ళెవరో రాసి పెట్టుకోండి. ఆ కాగితమే రేపు నిలబడుతుంది.

సమ్మా వాచా అంటే నాలుగింటిని మానడం: అబద్ధం, చాడీ, పరుషమైన మాట, పనికిరాని మాట. మీరు నవ్వేసి ఊరుకుని "అవునవును, అవతారమే" అన్నారా, అబద్ధం. అక్కడ ఊరుకుని ఇంటికొచ్చి అతని గురించి మరొకడి దగ్గర చెప్పారా, చాడీ. కడిగేశారా, పరుషం. గంటసేపు గెలుపు కోసం లాగారా, పనికిరానిది. "మేం అలా అనుకోం గురూ" అని మెత్తగా ఒక్కసారి అన్నది మాత్రమే ఈ నాలుగింటినీ తప్పించుకుంటుంది.

రేపు సాయంత్రం అదే బడ్డీ దగ్గర అతను మళ్ళీ మీకు గ్లాసు అందించాడా, అవతారం మాట ఎత్తకుండా "మీ బాబాసాహెబ్ ఆ రోజు ఎందుకలా అన్నారు?" అని అడిగాడా, అప్పుడు కూర్చుని చెప్పండి. ఇప్పుడు అడిగింది అతను. కాబట్టి సమయం వచ్చింది.

నమో బుద్ధాయ. జై భీమ్.