బోర్లా ఉన్న ముక్క విలువ

గోల్ఫ్ అనే పేకాటలో ప్రతి ఆటగాడి ముందూ ఆరు ముక్కలు, పైన మూడు, కింద మూడు, బోర్లా పరిచి ఉంటాయి. ఆట మొదట్లో వాటిలో రెండింటిని తిప్పుతారు. మిగతా నాలుగింటిని సొంతదారు కూడా చూడకూడదు. రమ్మీలో చేతిలోని ముక్కలు ఎదుటివారికి మాత్రమే రహస్యం. గోల్ఫ్‌లో మనిషికి తన ముక్కలే తెలియవు.

వంతు వచ్చినవారు కట్టలోంచి గానీ, పక్కన తెరిచి ఉన్న కుప్ప మీద నుంచి గానీ ఒక ముక్క తీసి, తమ ఆరింటిలో ఒకదాని స్థానంలో పెట్టుకోవచ్చు. అక్కడున్నది అప్పుడు కుప్ప మీద తెరుచుకుని పడుతుంది. కట్టలోంచి తీసింది అక్కర్లేకపోతే పారేయవచ్చు. ఒకరి ముక్కలన్నీ తెరుచుకోగానే మిగతావారికి ఒక్కో వంతు ఇచ్చి, అందరివీ తిప్పి లెక్క కడతారు. ఆసుకు 1, రెండుకు మైనస్ 2, మూడు నుంచి పది దాకా అంకె ఎంతో అంత, జాకీకీ రాణికీ పదేసి, రాజుకు 0. పైనా కిందా ఒకే రకం ముక్క పడితే ఆ జత మొత్తం సున్నా. ఇలాంటి తొమ్మిది పంపకాలను తొమ్మిది హోల్స్ అంటారు. అన్నీ కలిపి తక్కువ వచ్చినవారిదే గెలుపు. ఇళ్లను బట్టి నియమాలు కొంత మారినా ఆట స్వభావం ఇదే.

ఈ ఆటలో తెగని సందేహం ఒకటుంది. ఒకరు ఐదును తీసి, బోర్లా ఉన్న ముక్క స్థానంలో పెడతారు. బయటపడ్డది రాజు. సున్నా పోయి ఐదు వచ్చింది. చూసినవారంతా అయ్యో అంటారు. ఆడినవారు మిగతా ఆటంతా ఆ రాజునే తలుచుకుంటారు. ఇంతకీ అక్కడ పోయిందేమిటి? ఎవరూ చూడని రాజు, తన చోట ఉన్నంతసేపు, ఎవరి సొత్తు?

మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవద్దన్న సామెత ఇక్కడ గట్టిగానే పనిచేసేలా కనిపిస్తుంది. ఐదు ముంతలోని నీరు, బోర్లా ముక్క మబ్బు. అంకెలూ అదే చెబుతాయి. పదమూడు రకాల విలువలూ కూడితే 71 వస్తుంది. సగటున ఒక బోర్లా ముక్క 5.46 చేస్తుంది. ఐదు పెడితే సగటున అర పాయింటుకు కాస్త తక్కువ లాభం, ఆరు పెడితే అర పాయింటుకు కాస్త ఎక్కువ నష్టం. ఐదు కంటే ఖరీదైన రకాలు ఏడు, చవకైనవి ఐదు. ఈ లెక్కన రాజు బయటపడ్డా నిర్ణయం తప్పు కాదు. అదే చోట రాణి బయటపడి ఉంటే అందరూ మెచ్చుకునేవారు. నిర్ణయం రెండుసార్లూ ఒక్కటే.

అంతటితో సందేహం తీరాలి. తీరదు. తొలగిన ముక్క బోర్లాగానే కుప్పలో చేరే నియమం ఉంటే ఎవరూ బాధపడరు, నష్టం మాత్రం అంతే ఉంటుంది. కట్ట అడుగున ఎన్ని రాజులు ఎవరి చేతికీ అందకుండా మిగిలిపోయినా ఎవరికీ దిగులుండదు. కాబట్టి బాధ నష్టాన్ని కొలవడం లేదని, కళ్లకు కనిపించిన దాన్నే కొలుస్తోందని చెప్పబుద్ధవుతుంది.

కానీ ఆ మాటా పూర్తిగా నిలవదు. రాజు తెరుచుకుని పడింది ఎదుటివారి వంతుకు సరిగ్గా ముందు. వారు దాన్ని ఎత్తుకుని తమ తొమ్మిది మీద పెడితే వారి లెక్క తొమ్మిది తగ్గుతుంది. సగటు లెక్కలో ఈ కానుక లేదు. బోర్లా ముక్క తీసేసిన ప్రతిసారీ అందులో ఐదు కంటే చవకైనది బయటపడే అవకాశం పదమూడింట ఐదు వంతులు. అది ఎదుటివారికి పనికొచ్చేదైతే, అర పాయింటు కూడా లేని ఆ సగటు లాభం ఎక్కడికి పోతుందో చెప్పడం కష్టం. చూపులకు లాభమైన మార్పిడి నిజానికి నష్టం కావచ్చు. అయ్యో అన్నవారు కారణం తెలియకుండానే సరైన చోట బాధపడ్డారు.

సగటులో మరో లోపమూ ఉంది. మొదటి వంతుల్లో బోర్లా ముక్క విలువ 5.46 అనుకోవడమంటే, అది చివరి దాకా అక్కడే ఉంటుందనుకోవడమే. కానీ ముందు ఇంకా వంతులున్నాయి, ఆ చోటుకు ఆసో రాజో రావచ్చు. ఐదు పెట్టాక ఆ ఐదునూ మార్చవచ్చు గానీ, దానికి మరో వంతు ఖర్చవుతుంది. వంతులు ఎన్ని మిగిలాయో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎదుటివారు ఎప్పుడు తమవన్నీ తెరుస్తారో వారి ఇష్టం. అంటే బోర్లా ముక్క విలువ ఆ ముక్కలోనే కాదు, ఎదుటివారి తొందరలోనూ ఉంది.

ఇది తొమ్మిదో హోల్‌లో బాగా బయటపడుతుంది. ఇద్దరు ఆడుతున్నారు. ఎనిమిది హోల్స్ ముగిసేసరికి మొదటివారికి 38, రెండోవారికి 44. మొదటివారు తొమ్మిదో హోల్‌ను 9తో ముగించారు, మొత్తం 47. రెండోవారికి చివరి వంతు మిగిలింది. వారి మొదటి నిలువు జతలో రెండు ఎనిమిదులు, కలిపి సున్నా. రెండో దాంట్లో రాజు, ఆసు, కలిపి 1. మూడో దాంట్లో పైన మూడు, కింద బోర్లా ముక్క. కనిపించేది 4, మొత్తం 48. కట్టలోంచి తీస్తే నాలుగు వచ్చింది.

మొదటి హోల్‌లో అయితే ఆ నాలుగును బోర్లా ముక్క స్థానంలో పెట్టాల్సిందే. అక్కడ మూడే ఉండి జత పడే అవకాశాన్ని లెక్కలో కలిపినా బోర్లా ముక్క సగటు సుమారు ఐదుకు వస్తుంది, నాలుగు దానికంటే చవక. ఇక్కడ మాత్రం అలా పెడితే మొత్తం 52, ఓటమి ఖాయం. పైన ఉన్న మూడును తీసి నాలుగు పెడితే, కింద కూడా నాలుగే ఉంటే తప్ప గెలుపు లేదు. నాలుగును పారేస్తే, కింద రెండు ఉంటే 46, మూడు ఉంటే జత పడి 45. రెండు విధాలా గెలుపే. రెండులు నాలుగూ, మిగతా మూడులు మూడూ అప్పటిదాకా బయటపడకుండా, కనబడని ముక్కలు 30 ఉంటే, గెలిచే అవకాశం 30లో 7. చిన్నదే అయినా ఉన్నవాటిలో పెద్దది. ఇక్కడ ముంతలో నీళ్లు ఒలకబోసి మబ్బును చూడటమే తెలివి.

కాబట్టి సామెత తప్పు కాదు, అది ముందున్నవారి సామెత. వెనకబడ్డవారికి భద్రమైన నాలుగు అంటే భద్రమైన ఓటమి. రాజు పోయిందన్న దిగులును తీర్చడానికి తెచ్చిన సగటు కూడా దీర్ఘకాలం ఆడేవారికే పనికొచ్చే ఓదార్పు. తొమ్మిది హోల్స్ దీర్ఘకాలం కావు. ఒక్కో మార్పిడిలో అర పాయింటు లాభం కనబడాలంటే, ఒక్క రాజు తెచ్చే ఐదు పాయింట్ల దెబ్బ, ఒక్క రాణి తెచ్చే ఐదు పాయింట్ల మేలు ఎన్నోసార్లు ఒకదాన్నొకటి కొట్టేయాలి. ఒక ఆటలో అంత చోటు ఉండదు.

అందుకని, పారేసిన రాజు గురించి ఆడినవారు అడగాల్సిన ప్రశ్నలు రెండే: అది ఎదుటివారికి ఉపయోగపడిందా, ఆ సమయానికి తాము లెక్కలో ముందున్నారా, వెనకున్నారా. ఈ రెంటికీ సమాధానం బల్ల మీదే దొరుకుతుంది. అది ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు ఆట లెక్కలో చోటు లేదు, ఎందుకంటే హోల్ ముగిశాక ప్రతివారి ముందు ఉన్న ఆరు ముక్కలనే కూడతారు.